కిలో బరువెత్తే రోబో చేయి: భుజానికి ఎంత టార్క్, ఎంత గేర్ రేషియో?

ప్రశ్న: మెకానికల్ ఫైనలియర్ ప్రాజెక్టుకి రోబో చేయి చేస్తున్నాను. భుజం నుంచి గ్రిప్పర్ మధ్య వరకు 50 సెం.మీ., మోచేయి సరిగ్గా సగంలో ఉంది. 1 కిలో ఎత్తాలి. నా దగ్గర 4.2 కేజీ-సెం.మీ. నెమా 17 స్టెప్పర్ మోటార్లు ఉన్నాయి. 1 × 50 = 50, దాన్ని 4.2తో భాగిస్తే 12 వచ్చింది. ఎందుకైనా మంచిదని భుజానికి రెండు దశల బెల్టుతో 15:1 పెట్టాను. ఖాళీ చేయి బాగానే లేస్తోంది. చేయి అడ్డంగా చాచి అరకిలో పెడితే టకటకమని కొట్టుకుని పడిపోతోంది. కానీ 60 డిగ్రీలు పైకి లేపి అక్కణ్ణుంచి మొదలుపెడితే కిలో కూడా ఎత్తుతోంది, 45 నుంచి అయితే ఎత్తట్లేదు. 20:1 చేస్తే సరిపోతుందా? 90 డిగ్రీలు ఒకటిన్నర సెకన్లలో తిరగాలి. బరువులు: పై చేయి 400 గ్రా., మోచేయి మోటారు గేర్‌బాక్సుతో కలిపి 600, ముంజేయి 250, రిస్ట్ సర్వోతో కలిపి గ్రిప్పర్ 300.

సమాధానం:

20:1 సరిపోదు. అంతకంటే ముఖ్యమైన సంగతి ఏంటంటే, ఆ మోటారుతో మీరు అడిగిన వేగంలో ఏ రేషియో పెట్టినా సరిపోదు. ఎందుకో చివరిదాకా లెక్క వేసి చూపిస్తాను. మీరు బరువులన్నీ ఇచ్చారు కాబట్టి పని తేలికైంది. చాలామంది ఫొటో పెట్టి "ఎందుకు లేవట్లేదు" అని అడుగుతారు, బరువులు మాత్రం చెప్పరు.

ముందు భుజం మీద పడే భారం చూద్దాం. మీ లెక్కలో వస్తువు ఒక్కటే ఉంది, చేయి లేదు. కావడి మోసేవాడు బిందెల బరువే కాదు, కావడి బద్ద బరువు కూడా మోస్తాడు కదా. చేయి అడ్డంగా పూర్తిగా చాచి ఉన్నప్పుడు ఒక్కో భాగం బరువుని భుజం నుంచి దాని బరువు కేంద్రం ఎంత దూరంలో ఉందో ఆ దూరంతో గుణించాలి. పై చేయి 0.4 కిలోలు, దాని కేంద్రం 12.5 సెం.మీ. దగ్గర ఉంటుంది కాబట్టి 5 కేజీ-సెం.మీ. మోచేయి మోటారు 0.6 కిలోలు, 25 సెం.మీ. దగ్గర, అది 15. ముంజేయి 0.25 కిలోలు, కేంద్రం సుమారు 36 సెం.మీ. దగ్గర అనుకుంటే 9. గ్రిప్పర్ 0.3 కిలోలు, 45 సెం.మీ. దగ్గర, 13.5. ఇవన్నీ కలిపితే 42.5. దీని మీద మీ వస్తువు 50. మొత్తం 92.5 కేజీ-సెం.మీ. అంటే మీరు వదిలేసింది దాదాపు సగం.

ఇప్పుడు మీ చేయి ఇవ్వగలిగింది ఎంతో చూడండి. 4.2ని 15తో గుణిస్తే 63. రెండు దశల బెల్టులో, బేరింగుల్లో పదో వంతు పోయిందనుకుంటే 56 దాకా మిగులుతుంది. ఖాళీ చేయికి కావాల్సింది 42.5, అందుకే లేచింది. అరకిలో పెడితే 67.5 కావాలి, అందుకే పడింది. ఇక మీ 60 డిగ్రీల ముచ్చట. చేయి పైకి లేచేకొద్దీ భారం కోణం కొసైన్ ప్రకారం తగ్గుతుంది. కిలోతో 60 డిగ్రీల దగ్గర 92.5లో సగం, అంటే 46 చాలు. 45 దగ్గర 65 కావాలి. మీ 56 ఈ రెంటికీ మధ్యలో ఉంది. లెక్క ప్రకారం 53 డిగ్రీల చుట్టుపక్కల ఎక్కడో మీ చేయి చేతులెత్తేయాలి. అంటే మీ మోటారు, డ్రైవరు, బెల్టు అన్నీ ఆరోగ్యంగానే ఉన్నాయి. పాడైంది ఏమీ లేదు, తప్పు కాగితం మీదే జరిగింది. ఇదే కిలోతో 70 డిగ్రీల దగ్గర కూడా జారిపోతూ ఉంటే మాత్రం డ్రైవర్ కరెంటు తక్కువ పెట్టారేమో, పుల్లీ గ్రబ్ స్క్రూ షాఫ్టు మీద జారుతోందేమో చూడమని చెప్పేవాణ్ణి.

మీ బరువుల్ని నేను నమ్ముతున్నాను గానీ మీరు నమ్మొద్దు. బోల్టులు, వైర్లు, కేబుల్ చైను ఎవరూ తూచరు. ఒక చిన్న పని చేయండి. భుజం దగ్గర బెల్టు తీసేసి, చేయిని అడ్డంగా చాచి, గ్రిప్పర్ మధ్యన తాడు కట్టి, గ్యాస్ సిలిండర్, సామాను సంచీ తూచే ఆ వేలాడే డిజిటల్ త్రాసుకి తగిలించండి. మోచేయి మోటారుకి పవర్ ఇచ్చి బిగించి ఉంచాలి, లేకపోతే ముంజేయి వేలాడిపోతుంది. త్రాసులో కిలోల్లో వచ్చిన అంకెని 50తో గుణిస్తే అదే చేయి సొంత భారం. పై లెక్క నిజమైతే త్రాసు 0.85 దగ్గర చూపించాలి. మెల్లగా పైకి లాగుతూ ఒకసారి, మెల్లగా దించుతూ ఒకసారి చూడండి. రెంటి సగటు అసలు భారం, రెంటి తేడాలో సగం బేరింగు రాపిడి. నేను ఎన్ని చేతులు తూచినా కాగితం మీది అంకె కంటే త్రాసు అంకె తక్కువ రావడం ఒక్కసారి కూడా చూడలేదు.

ఇక్కణ్ణుంచి న్యూటన్ మీటర్లలోకి మారదాం. పది కేజీ-సెం.మీ. సుమారు ఒక న్యూటన్ మీటరు, కచ్చితంగా అయితే 0.98. మన 92.5 అంటే 9.07 న్యూటన్ మీటర్లు. ఇది చేయిని కదలకుండా పట్టి ఉంచడానికి మాత్రమే.

కదపాలంటే దాని మీద ఇంకొంత కావాలి. 90 డిగ్రీలు 1.5 సెకన్లలో అన్నారు. మొదటి అర సెకను వేగం పెంచుతూ, మధ్య అర సెకను ఒకే వేగంతో, చివరి అర సెకను తగ్గిస్తూ వెళ్తుందనుకుందాం. సగటు వేగం సెకనుకి 60 డిగ్రీలు, అప్పుడు గరిష్ఠం 90 డిగ్రీలు అవుతుంది. అంటే జాయింటు దగ్గర 15 ఆర్‌పీఎం. అర సెకనులో ఆ వేగం అందుకోవాలి కాబట్టి త్వరణం సెకనుకి సెకనుకి 180 డిగ్రీలు, రేడియన్లలో 3.14. జడత్వ భ్రామకం కోసం ప్రతి బరువునీ దూరం వర్గంతో గుణించి కలపాలి. ఇక్కడ వస్తువు ఒక్కటే 1 × 0.5 × 0.5 = 0.25 తీసుకుంటుంది, మిగతావన్నీ కలిసి 0.14, మొత్తం 0.39 కిలో-మీటరు వర్గం. దీన్ని 3.14తో గుణిస్తే 1.22 న్యూటన్ మీటర్లు. చేయి అడ్డంగా ఉన్నప్పుడే కదలిక మొదలైతే ఇవి రెండూ ఒకేసారి మీద పడతాయి. మొత్తం 10.3.

చూశారా, మీ వేగంలో త్వరణానికి పోయేది పదో వంతు పైచిలుకు మాత్రమే. చిన్న చేతుల్లో తినేసేది గురుత్వమే. వేగం రెట్టింపు చేస్తే, అంటే 90 డిగ్రీలు ముప్పావు సెకనులో కావాలంటే, త్వరణం నాలుగింతలై, దానికి పోయే టార్క్ 4.9 అవుతుంది. అప్పుడు కథ వేరు.

దీనికి ఒకటిన్నర రెట్లు మార్జిన్ తీసుకుంటాను, 15.5 న్యూటన్ మీటర్లు. డీసీ సర్వో అయితే కాసేపు ఓవర్‌లోడ్ భరిస్తుంది, మార్జిన్ కొంచెం తక్కువైనా నెట్టుకొస్తుంది. స్టెప్పర్ అలా కాదు. ఒక్క క్షణం భారం దాని శక్తికి మించితే స్టెప్పు వదిలేస్తుంది, వదిలాక ఉన్నపళంగా టార్క్ మొత్తం పోతుంది, చేయి కింద పడుతుంది. పైగా కంట్రోలర్‌కి ఆ సంగతి తెలియదు, చేయి ఇంకా పైనే ఉందనుకుంటుంది. అందుకని స్టెప్పర్‌కి 1.5 కంటే తగ్గించను.

ఇప్పుడు అసలు మాట. అందరూ టార్క్ తేలగానే నేరుగా రేషియోలోకి దూకుతారు. నేను దానికన్నా ముందు వాట్లు లెక్క వేస్తాను. జాయింటు దగ్గర కావాల్సిన శక్తి అంటే టార్క్ × వేగం. 15 ఆర్‌పీఎం అంటే సెకనుకి 1.57 రేడియన్లు. 15.5 × 1.57 = 24 వాట్లు. ప్లానెటరీ గేర్‌బాక్సు సామర్థ్యం 80 శాతం అనుకుంటే మోటారు షాఫ్టు దగ్గర 30 వాట్లు కావాలి. మీ నెమా 17, 24 వోల్టుల మీద ఏ ఆర్‌పీఎంలో నడిపినా ఇచ్చేది పది పదిహేను వాట్లు. మార్జిన్ అంతా వదిలేసుకున్నా 20 వాట్లు కావాలి, అది కూడా లేదు. గేర్లు వేగాన్ని టార్క్‌గా మారుస్తాయి, శక్తిని పుట్టించవు. అందుకే మొదటే అన్నాను, ఏ రేషియో పెట్టినా ఈ మోటారుతో ఈ వేగం రాదని.

మోటారు మీద రాసి ఉన్న 4.2 కూడా తప్పుదారి పట్టించే అంకె. అది హోల్డింగ్ టార్క్. షాఫ్టు తిరగకుండా, రెండు వైండింగుల్లోనూ పూర్తి కరెంటు పారుతున్నప్పుడు ఇచ్చేది. తిరగడం మొదలయ్యాక, వేగం పెరిగేకొద్దీ వైండింగు ఇండక్టెన్సు కరెంటుని లోపలికి రానివ్వదు, బ్యాక్ ఈఎంఎఫ్ ఎదురు తన్నుతుంది, టార్క్ పడిపోతుంది. డేటాషీట్లో పుల్ అవుట్ టార్క్ అని ఒక గ్రాఫ్ ఉంటుంది, చూడాల్సింది దాన్ని. ఆ గ్రాఫ్ ఎన్ని వోల్టుల దగ్గర గీశారో కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. 48 వోల్టుల గ్రాఫ్ చూసి 12 వోల్టులతో నడిపితే ఫలితం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

సరే, భుజానికి నెమా 23 తీసుకుందాం. అది బేసుకి బిగించి ఉంటుంది కాబట్టి ఎంత బరువున్నా చేయికి భారం కాదు. మార్కెట్లో మామూలుగా దొరికేది 1.26 న్యూటన్ మీటర్లు, 2.8 ఆంపియర్లది, పొడవు 56 మి.మీ. రేషియో వెతకడానికి ఒక్కటే సూత్రం:

```
T_motor = T_joint / (N × eff)
rpm_motor = rpm_joint × N
```

రెండు వరుసలూ కలిపి చూడాలి, అక్కడే చాలామంది జారేది. N పెంచితే మోటారు టార్క్ తక్కువ సరిపోతుంది, కానీ మోటారు వేగంగా తిరగాలి, వేగంగా తిరిగితే మోటారు ఇచ్చేదే తగ్గిపోతుంది. చిన్న కోడ్ ఇస్తున్నాను, బరువులు మార్చుకుని చూసుకోండి:

```python
g = 9.81
parts = [(0.40, 0.125), (0.60, 0.25), (0.25, 0.36),
         (0.30, 0.45), (1.00, 0.50)]   # kg, m
T_static = sum(m*g*r for m, r in parts)
J = sum(m*r*r for m, r in parts)
alpha, rpm, k, eff = 3.14, 15, 1.5, 0.8
T = k * (T_static + J*alpha)
for N in (15, 20, 30, 40, 50):
    print(N, rpm*N, round(T/(N*eff), 2))
```

దీన్ని నడిపితే 15:1కి 225 ఆర్‌పీఎం దగ్గర 1.29 న్యూటన్ మీటర్లు కావాలని వస్తుంది. హోల్డింగే 1.26 కాబట్టి అది పోయింది. 20:1కి 300 దగ్గర 0.96. 30:1కి 450 దగ్గర 0.64. 40:1కి 600 దగ్గర 0.48. 50:1కి 750 దగ్గర 0.39.

ఈ అంకెలు చూస్తే 50:1 చల్లగా ఉంది కదా అనిపిస్తుంది. ఇప్పుడు మోటారు వైపు నుంచి చూడండి. ఇండక్టెన్సు 2.5 మిల్లీహెన్రీల దరిదాపుల్లో ఉండే మోటారుని 24 వోల్టుల మీద నడిపితే, నా లెక్కలో 450 ఆర్‌పీఎం దగ్గర 0.7, 0.8 మధ్య దొరుకుతుంది. 600 దగ్గర 0.45 దాటదు, 750 దగ్గర ఇంకా కిందికి జారుతుంది. అంటే 30:1 దగ్గర కావాల్సింది 0.64, ఉన్నది 0.7, పని జరుగుతుంది. 40:1 దగ్గర కావాల్సింది 0.48, ఉన్నది 0.45, జరగదు. రేషియో పెంచితే చేయి బలహీనమైంది! 30 పెట్టి బాగానే ఎత్తుతున్న చేయికి "ఇంకొంచెం సేఫ్టీ" అని 50 పెట్టి పాడుచేసుకున్నవాళ్ళని చూశాను. అప్పుడు లక్షణం కూడా భలే గమ్మత్తుగా ఉంటుంది. మెల్లగా కదిపితే ఎంత బరువైనా ఎత్తుతుంది, వేగం పెంచగానే సన్నగా ఈల వేసినట్టు కూసి ఆగిపోతుంది. మీ చేయి చేసే టకటక వేరు, అది మెల్లగా తిరుగుతూ భారం చాలక స్టెప్పులు వదిలేసే చప్పుడు. ఈ రెండు చప్పుళ్ళూ గుర్తుపడితే రేషియో పెంచాలో తగ్గించాలో సగం తెలిసిపోయినట్టే. టకటకకి పెంచాలి. ఈలకి తగ్గించాలి, లేదా వోల్టేజి పెంచాలి.

అదే మోటారుకి 36 వోల్టులు ఇస్తే 600 దగ్గర కూడా హాయిగా 0.6 పైన వస్తుంది, 40:1 కూడా పనిచేస్తుంది. కాబట్టి నా సలహా 30:1 గేర్‌బాక్సు, 36 వోల్టుల సప్లై. 24 మీద కూడా నడుస్తుంది, కానీ ఆ 0.64కీ 0.7కీ మధ్య సందు చాలా ఇరుకు. డ్రైవరు మాత్రం ఆ 3డీ ప్రింటర్ బోర్డు మీద గుచ్చే చిన్నవి వద్దు, 2.8 ఆంపియర్లకి అవి వేడెక్కి కరెంటు కోసేస్తాయి. డీఎం542 తరహావి తీసుకోండి.

రేషియో పెద్దది కావడానికి ఇంకో ఖరీదు ఉంది. మోటారు రోటరు జడత్వం జాయింటు దగ్గరికి వచ్చేసరికి N వర్గంతో గుణింపబడుతుంది. ఈ సైజు నెమా 23 రోటరు సుమారు 300 గ్రాము-చదరపు సెం.మీ. ఉంటుంది. 30:1 దగ్గర అది 0.027 కిలో-మీటరు వర్గం, మన 0.39 ముందు లెక్కలోకి రాదు. 100:1 దగ్గర 0.3 అవుతుంది, అంటే చేయి పక్కన ఇంకో చేయి తిప్పుతున్నట్టే.

గేర్‌బాక్సు కొనేటప్పుడు రేషియో ఒక్కటే చూసి కొనకండి. ఔట్‌పుట్ షాఫ్టు ఎంత టార్క్ తట్టుకుంటుందో వేరే రాసి ఉంటుంది. రేటెడ్ అని ఒకటి, క్షణకాలానికి గరిష్ఠం అని ఇంకొకటి. మీకు రేటెడే 10.3 పైన ఉండాలి, గరిష్ఠం 15.5 పైన. నేను మొదటి చేయి చేసినప్పుడు రేషియో లెక్క అక్షరాలా సరిగ్గా వేశాను. గేర్‌బాక్సు మాత్రం చవగ్గా దొరికిందని చిన్నది తెచ్చాను, 5 న్యూటన్ మీటర్లది. మొదటి రోజు అద్భుతంగా ఎత్తింది. వారం తిరిగేసరికి గ్రిప్పర్ని చేత్తో పట్టుకుని ఊపితే వేలెడంత ఆట. విప్పి చూస్తే చివరి దశలో ప్లానెట్ గేర్ల పిన్నులు వంగి, పళ్ళ అంచులు అరిగి, గ్రీజంతా నల్లగా మెరుస్తోంది. గేర్‌బాక్సు ఒక్కసారిగా విరగదు, ఇలా రోజుకింత చొప్పున ఆట పెంచుకుంటూ చెబుతుంది. కొత్తగా బిగించిన రోజే గ్రిప్పర్ దగ్గర ఆట ఎన్ని మిల్లీమీటర్లో కొలిచి గోడ మీద రాసిపెట్టుకోండి, తర్వాత పోల్చుకోవచ్చు.

ఆ ఆట ఎంత ఉండొచ్చంటే, మామూలు ప్లానెటరీకి అర డిగ్రీ దాకా ఉండటం వింతేమీ కాదు. 50 సెం.మీ. చివర అది 4.4 మి.మీ. వినడానికి భయంగా ఉంటుంది గానీ, చేయి భుజానికి ఒకే పక్కన ఉన్నంతసేపు బరువు గేరు పళ్ళని ఎప్పుడూ ఒకే వైపుకి నొక్కిపెడుతుంది కాబట్టి ఆట బయటపడదు. చేయి నిట్టనిలువు దాటి అటుపక్కకి వాలినప్పుడు మాత్రం టక్కుమని అంత దూరమూ జారుతుంది. మీ పని అంతా ముందువైపే అయితే దీని గురించి డబ్బులు తగలేయక్కర్లేదు.

మోచేయి సంగతి త్వరగా చూద్దాం. అక్కడ వస్తువు 25, గ్రిప్పర్ 20 సెం.మీ. దూరంలో 6, ముంజేయి 11 సెం.మీ. దూరంలో 2.75, కలిపి 33.75 కేజీ-సెం.మీ., అంటే 3.31 న్యూటన్ మీటర్లు. భుజం, మోచేయి రెండూ ఒకేసారి వేగం అందుకుంటే మోచేయి తన త్వరణంతో పాటు భుజం ఊపుని కూడా మోయాలి. ఆ రెండూ కలిపి సుమారు 0.75. మొత్తం 4.06, మార్జిన్‌తో 6.1. వాట్లు లెక్కేస్తే మోటారు దగ్గర 12. ఇది మీ నెమా 17కి అందే పనే. 30:1తో 450 ఆర్‌పీఎం దగ్గర 0.25 న్యూటన్ మీటర్లు కావాలి, పూర్తి కరెంటు ఇవ్వగల డ్రైవరుంటే 24 వోల్టుల మీద ఇస్తుంది. గేర్‌బాక్సు రేటింగు మాత్రం ఇక్కడా చూసుకోండి. లెక్క ఎప్పుడూ గ్రిప్పర్ నుంచి భుజం వైపు రావాలి, ఎందుకంటే మోచేయి దగ్గర పెరిగే ప్రతి వంద గ్రాములూ భుజానికి 2.5 కేజీ-సెం.మీ. కలుపుతాయి. మోచేయి గేర్‌బాక్సు మారిస్తే భుజం లెక్క మళ్ళీ మొదటికి.

నెమా 23, దానికి గేర్‌బాక్సు, పెద్ద డ్రైవరు, కొత్త సప్లై, ఇవన్నీ స్టూడెంట్ జేబుకి బరువే. అందుకని రెండో దారి కూడా చెబుతాను. నిజానికి నాకు ఇదే ఎక్కువ ఇష్టం.

ఊళ్ళో ఏతం చూసే ఉంటారు, లేదా తాతగారు చెబితే వినుంటారు. దూలం తోక వైపు బరువు కట్టి ఉంటుంది. ఖాళీ బాన కిందికి దించేటప్పుడు మనిషి కాస్త కష్టపడతాడు, నిండు బాన పైకి రావడం తేలిక. కష్టాన్ని రెండు వైపులకీ సగం సగం పంచడమే అందులోని కిటుకు. మీ చేయికి కూడా అదే చేయండి. చేయి సొంత భారం 42.5, దానికి వస్తువులో సగం 25 కలిపితే 67.5. అంత భారాన్ని ఒక స్ప్రింగు మోస్తే, కిలో ఉన్నప్పుడు మోటారు పైకి 25 నెట్టాలి, ఖాళీగా ఉన్నప్పుడు కిందికి 25 నెట్టాలి. 92.5 కాస్తా 25 అయిపోయింది. న్యూటన్ మీటర్లలో 2.45, త్వరణానికి 1.22, కలిపి 3.67, మార్జిన్‌తో 5.5. మోటారు దగ్గర 11 వాట్లు. ఇప్పుడు మీ పాత నెమా 17 ఏ సరిపోతుంది! 30:1తో 450 ఆర్‌పీఎం దగ్గర 0.23.

స్ప్రింగు బదులు వెనక బరువు కట్టొచ్చు గానీ, 15 సెం.మీ. వెనక కట్టాలంటే 4.5 కిలోలు కావాలి, బేసు అంతా ఊగుతుంది. స్ప్రింగైతే ఇలా అమర్చాలి. భుజం ఇరుసుకి సరిగ్గా నిట్టనిలువునా 10 సెం.మీ. పైన స్టాండు మీద ఒక కొక్కెం, చేయి మీద ఇరుసు నుంచి 10 సెం.మీ. దూరంలో ఇంకో కొక్కెం. స్ప్రింగు లాగే బలం ఈ రెంటి మధ్య దూరానికి అనుపాతంలో ఉంటే, అది ఇచ్చే టార్క్ కూడా కొసైన్ ప్రకారమే మారుతుంది, అంటే అన్ని కోణాల్లోనూ గురుత్వానికి జోడీ కుదురుతుంది. దాని గట్టిదనం మిల్లీమీటరుకి 0.66 న్యూటన్లు కావాలి. మామూలు స్ప్రింగుకి సాగకముందే కొంత పొడవు ఉంటుంది కాబట్టి ఈ జోడీ చెడుతుంది. దానికి ఉపాయం, పై కొక్కెం బదులు చిన్న గిలక పెట్టి, సన్నని స్టీలు తీగని దాని మీదుగా వెనక్కి తిప్పి, స్ప్రింగుని స్టాండు వెనక బిగించడం. చేయి మీది కొక్కెం గిలకని తాకేలా లేపి పట్టుకున్నప్పుడు స్ప్రింగు సరిగ్గా సాగడం మొదలయ్యే స్థితిలో ఉండేలా తీగ పొడవు సరిచేయాలి. అడ్డంగా ఉన్నప్పుడు తీగలో బిగువు దాదాపు 94 న్యూటన్లు, తొమ్మిదిన్నర కిలోల పైమాటే. కాబట్టి గిలకకి చిన్న బేరింగు వేసి, స్టాండుని గట్టిగా చేయించండి. బైండింగు వైరు వాడకండి, తెగితే కంటికి తగులుతుంది.

ఇందులో ఇబ్బంది ఒకటుంది. మోచేయి వంచగానే చేయి సొంత భారం తగ్గుతుంది, స్ప్రింగుకి ఆ సంగతి తెలియదు. ఖాళీ చేయిని మోచేయి దగ్గర పూర్తిగా మడిస్తే భుజం మీద ఉండే సొంత భారం పాతికే, స్ప్రింగు మాత్రం 67.5 లాగుతూనే ఉంటుంది. అప్పుడు మోటారు కిందికి నెట్టాల్సింది 25 కాదు, 40 దాటుతుంది. 30:1తో, తిరుగుతున్నప్పుడు మోటారు ఇచ్చే 0.28ని 80 శాతం సామర్థ్యంతో చూసుకున్నా 68 దాకా ఉంది కాబట్టి మీకు గట్టెక్కుతుంది. కానీ మార్జిన్ ఇక్కడే తరుగుతుంది, అందుకే స్ప్రింగుని 67.5 కంటే బిగించొద్దు, కాస్త తక్కువైనా పర్లేదు.

కరెంటు పోయినప్పుడు ఏమవుతుందో కూడా ముందే ఆలోచించండి. ప్లానెటరీ గేరు వెనక్కి తిరుగుతుంది, స్టెప్పరుకి కరెంటు లేకపోతే పట్టు లేదు, కిలోతో చేయి దబ్బున దిగుతుంది. స్ప్రింగు ఉంటే అంత దూకుడుగా పడదు, అది దాని ఇంకో లాభం. వర్మ్ గేరు పెడితే ఎక్కడికక్కడ ఆగిపోతుంది కదా అని కొందరంటారు. నిజమే, కానీ ఎక్కువ రేషియో వర్మ్‌లో సగం శక్తి రాపిడికే పోతుంది, పైన వేసిన లెక్కలో 0.8 బదులు 0.4, 0.5 పెట్టి మళ్ళీ చూడండి, మోటారు సైజు ఎక్కడికి పోతుందో తెలుస్తుంది.

అన్నీ బిగించాక మొదటి పరీక్ష గ్రిప్పర్‌తో చేయకండి. లీటరు నీళ్ళ సీసాని గ్రిప్పర్ మధ్యన తాడుతో వేలాడదీసి, కింద పాత దిండు వేసి, చేయిని అడ్డం నుంచి సగం వేగంతో లేపండి. తర్వాత పూర్తి వేగం. తర్వాత సీసాకి ఇంకో పావు లీటరు జోడించి మళ్ళీ పూర్తి వేగంతో ఇరవై సార్లు. ప్రతిసారీ మొదలుపెట్టిన చోటికే తిరిగొస్తోందో లేదో స్టాండు మీద పెన్సిల్ గీతతో చూసుకోండి. గీత తప్పితే స్టెప్పులు పోయినట్టు, చప్పుడు వినపడకపోయినా సరే. ఇరవై సార్లయ్యాక మోటారు మీద చేయి పెట్టి రెండు మూడు సెకన్లు ఉంచలేకపోతే కరెంటు పది శాతం తగ్గించి, అప్పుడూ గీత నిలుస్తోందేమో చూడండి. ముందు ఆ త్రాసు అంకె ఎంత వచ్చిందో ఇక్కడ రాయండి. 0.85 కాకుండా 1.1 లాంటిది వస్తే పైన వేసిన లెక్కంతా దాంతో మళ్ళీ వేద్దాం.